సింగిల్ లీవర్ కుళాయిలో చన్నీళ్ళ వైపు మాత్రమే ధార సన్నగా వస్తోంది, కార్ట్రిడ్జ్ మార్చాల్సిందేనా?

వంటింటి సింకు దగ్గర సింగిల్ లీవర్ మిక్సర్ కుళాయి ఉంది. లీటరు జగ్గు వేడినీళ్ళతో 8 సెకన్లలో నిండుతోంది, చన్నీళ్ళతో 25 సెకన్లు పడుతోంది. ఇంట్లో మిగతా కుళాయిలన్నీ బాగానే వస్తున్నాయి.

ముందు కుళాయి మూతికి ఉండే ఏరేటర్ విప్పాను. జాలీ మీద ఇసుక రేణువులు, తెల్లటి గార కనిపించాయి. అరగంట వెనిగర్‌లో నానబెట్టి, పాత బ్రష్‌తో రుద్ది కడిగాను. ఏరేటర్ పూర్తిగా తీసేసి చూసినా చన్నీళ్ళ ధార అంతే.

తర్వాత యాంగిల్ వాల్వ్ కట్టేసి, హోస్ మొదట్లో ఉన్న చిన్న జాలీ వాషర్ శుభ్రం చేశాను. హోస్ పైచివర కుళాయి నుంచి విప్పి బకెట్‌లో పెడితే చన్నీళ్ళు పూర్తి వేగంతో వచ్చాయి. కాబట్టి లైనులోనూ, హోస్‌లోనూ అడ్డం లేదని నా అంచనా.

చివరికి కార్ట్రిడ్జ్ బయటికి తీశాను, 35 మి.మీ. సైజు. అది లేకుండా వాల్వ్ కొద్దిగా తెరిస్తే కుళాయి అడుగున రెండు రంధ్రాల నుంచీ నీళ్ళు సమానంగా ఉబికాయి. కార్ట్రిడ్జ్ చన్నీళ్ళ రంధ్రం అంచున కొంచెం గార ఉంటే వెనిగర్‌తో పోగొట్టాను. లోపలి సిరామిక్ బిళ్ళలు సులువుగానే కదులుతున్నాయి. కానీ ఆ రంధ్రం చుట్టూ ఉన్న రబ్బరు సీలు రెండోదాని కంటే ఉబ్బి, లోపలికి వాలినట్టుంది. తిరిగి బిగించాక మార్పేమీ లేదు.

సీలు ఇలా ఉబ్బడం వల్లే ధార ఇంతగా తగ్గుతుందా, లేక కొత్త కార్ట్రిడ్జ్ కొనేముందు లోపలి బిళ్ళలే కారణమని తేల్చుకునే మార్గం ఏదైనా ఉందా?