అప్‌డేట్: మా ఖాదీ యాడ్‌లో 12వ సెకను సంగతి

ఇంతకుముందు ఇక్కడ నేను అడిగిన ప్రశ్న: "శ్రీకాకుళంలో మా పొందూరు ఖాదీ షాపుకి 40 సెకన్ల యూట్యూబ్ యాడ్ నడుపుతున్నాం. సగటున 12 సెకన్లే చూస్తున్నారు. ఆ చోట ఏం మార్చాలి?"

అక్కడ మార్చాల్సిందేమీ లేదండి. మీరు జవాబుల్లో చూడమన్న రిటెన్షన్ గ్రాఫ్ తెరిచాను, ఏ సెకనుకి ఎంతమంది ఇంకా చూస్తున్నారో అందులో కనిపిస్తుంది. స్కిప్ బటన్ వచ్చే 5వ సెకను దాటగానే వందలో 70 మంది పోతున్నారు. మిగిలిన 30 మందిలో 18 మంది 30 సెకన్లు దాటుతున్నారు, వ్యూ-త్రూ రేటు 18 శాతం అన్నది అదే. ఈ రెండు గుంపుల్నీ కలిపితే వచ్చిన సగటే 12. సరిగ్గా అక్కడ ఆగేవాళ్లు దాదాపు లేరు.

అందుకే మొదట్లో ఉన్న షాపు బోర్డు తీసేసి, వాలుగ చేప దవడతో పత్తి శుభ్రం చేసే దృశ్యం పెట్టాం. ఇప్పుడు పోయేది 55 మందే. అడ్రస్ మాత్రం 36వ సెకనులో ఉంది. వ్యూ 30కే లెక్కకొస్తుంది కాబట్టి అది ఎంతమంది చూశారో ఆ రేటు చెప్పదు. దాన్ని ముందుకు జరుపుతున్నాం.