ఎడమ కాలికి పోలియో, ఆటోమేటిక్ కారు: మామూలు లైసెన్సా, అడాప్టెడ్ వెహికల్ లైసెన్సా?

నిర్మల, తెనాలి
నాకు ఎడమ కాలికి పోలియో, కాలిపర్ వేసుకుంటాను. కుడి కాలు, చేతులు పూర్తిగా బాగున్నాయి. ఆటోమేటిక్ కారు కొంటున్నాను, దాంట్లో క్లచ్ ఉండదు కదా. మామూలు ఎల్‌ఎంవీ లైసెన్స్ అడిగితే ఏజెంటు "మీకు అడాప్టెడ్ వెహికల్ లైసెన్సే వస్తుంది, లేదంటే ఫారంలో కాలి సంగతి రాయకండి" అంటున్నాడు. ఏది సరైనది?

మురళీకృష్ణ
అక్కా, వైకల్య సర్టిఫికెట్ ఉన్నవాళ్లందరికీ అడాప్టెడ్ లైసెన్సే. ముందు హ్యాండ్ కంట్రోల్ కిట్ బిగించుకోండి, ఆర్సీలో ఎక్కించుకోండి, తర్వాత టెస్టుకు వెళ్లండి. కిట్ లేకుండా వెళ్తే వెనక్కి పంపేస్తారు. మా బాబాయికి ఇలాగే జరిగింది.

వేణుగోపాలరావు, రిటైర్డ్ ఎంవీఐ
మురళీ, మీ బాబాయి గారికి రెండు కాళ్లూ ఇబ్బందేమో. అలాగైతే మీరు చెప్పిన వరసే సరి. నిర్మల గారి సంగతి వేరు.

మోటారు వాహనాల చట్టంలో సెక్షన్ 8(4) చూడాలి. దరఖాస్తుదారుకు ఉన్న వైకల్యం వల్ల, తను నడపబోయే బండి జనానికి ప్రమాదమయ్యేలా ఉంటేనే లెర్నర్స్ లైసెన్స్ నిరాకరించాలి. అలా నిరాకరించాల్సిన వాళ్లకు కూడా, అడాప్టెడ్ వెహికల్ నడపగలరని తేలితే దానికి మాత్రం లైసెన్స్ ఇవ్వొచ్చు. అంటే అడాప్టెడ్ లైసెన్స్ అనేది వైకల్యం ఉన్న ప్రతి ఒక్కరికీ వేసే ముద్ర కాదు. మామూలు బండి నడపలేని వారికి చట్టం తెరిచిన దారి అది.

ఇంకో మాట. 2019 సవరణ తర్వాత అడాప్టెడ్ వెహికల్ అంటే వికలాంగుల కోసం ప్రత్యేకంగా తయారుచేసిన బండి, లేదా వారి కోసం మార్పులు చేసిన బండి. షోరూమ్ నుంచి వచ్చిన ఆటోమేటిక్‌లో ఏ మార్పూ లేనప్పుడు అది ఆ కోవలోకి రాదు. లైసెన్స్ మీద అడాప్టెడ్ అని, ఆర్సీలో మామూలు కారు అని ఉందనుకోండి. రేపు ఏదైనా యాక్సిడెంట్ అయితే, ఆ లైసెన్స్‌తో ఈ కారు నడపొచ్చా అని ఇన్సూరెన్స్ కంపెనీ అడుగుతుంది. దానికి సమాధానం చెప్పడం చాలా కష్టం.

ఏజెంటు రెండో సలహా మాత్రం ససేమిరా వద్దమ్మా. ఫారం 1లో చేతులు, కాళ్ల కదలికలోగానీ బలంలోగానీ లోపం ఉందా అని సూటిగా అడుగుతారు. ఉందనే రాయండి. నిజం దాచి లైసెన్స్ తీసుకుంటే సెక్షన్ 19 కింద దాన్ని రద్దు చేయొచ్చు. డాక్టరు ఇచ్చే ఫారం 1ఏతో పాటు, "కుడి కాలు, రెండు చేతులు పూర్తి బలంతో ఉన్నాయి, ఆటోమేటిక్ కారు నడపడానికి అర్హురాలు" అని ఆర్థోపెడిక్ డాక్టరు చేత విడిగా ఒక కాగితం రాయించుకోండి. టెస్టుకు ఆటోమేటిక్ బండే తీసుకెళ్లండి.

సునీల్, వరంగల్
నేను హ్యాండ్ కంట్రోల్స్‌తోనే నడుపుతున్నాను, అందుకే చెప్తున్నా. నాకు వెన్నుపూస దెబ్బ, రెండు కాళ్లూ లేవవు. లివర్ తోస్తే బ్రేకు, లాగితే యాక్సిలరేటర్. స్టీరింగ్‌కు ఒక గుండీ, ఒక చేత్తో తిప్పడానికి. అక్కా, కిట్ కొనేముందు ఇండికేటర్ కాడ ఏ వైపు ఉందో చూసుకోండి. లివర్ పట్టుకున్న చేత్తోనే ఇండికేటర్ వేయాల్సి వస్తే మలుపులో చెయ్యి చాలదు.

బిగించాక ఒక పరీక్ష తప్పకుండా చేయండి. ఇంజన్ ఆపేసి బ్రేకు లివర్ మూడు నాలుగు సార్లు తోయండి. వాక్యూమ్ అయిపోయి బ్రేకు రాయిలా గట్టిపడుతుంది. అప్పుడు కూడా బ్రేకు పట్టేంత గట్టిగా చేత్తో తోయగలగాలి, లివర్ చివరిదాకా వెళ్లేటప్పుడు తొడకు తగలకూడదు. నాకు మొదట బిగించిన వర్క్‌షాప్‌లో లివర్ తొడకు తగిలి మధ్యలోనే ఆగిపోయేది. మామూలు బ్రేకింగ్‌లో తెలియలేదు, ఇంజన్ ఆపి చూస్తేనే బయటపడింది. బ్రాకెట్ మార్పించుకున్నాను.

ఎత్తు మీద కూడా జాగ్రత్త. ఒకే లివర్ కాబట్టి బ్రేకు వదిలి యాక్సిలరేటర్‌కు వచ్చే లోపల బండి వెనక్కి జారుతుంది. ఏఎంటీ రకం ఆటోమేటిక్‌లలో ఇది బాగా తెలుస్తుంది. హిల్ హోల్డ్ ఉన్న మోడల్ తీసుకోండి.

నిర్మల, తెనాలి
సునీల్ గారూ, చాలా విషయాలు తెలిశాయి. కానీ నాకు హ్యాండ్ కంట్రోల్ అవసరం లేదండీ, కుడి కాలుతోనే బ్రేకు, యాక్సిలరేటర్ రెండూ తొక్కుతాను. హిల్ హోల్డ్ సంగతి మాత్రం గుర్తుపెట్టుకుంటాను.

సునీల్, వరంగల్
అయ్యో, పోలియో అనగానే రెండు కాళ్లూ అనుకున్నాను. అయితే ఒక్కటి చూసుకోండి. ఆటోమేటిక్‌లలో బ్రేకు పెడల్ వెడల్పుగా ఉంటుంది. కాలిపర్ బూటు ఫుట్‌రెస్ట్ మీద నుంచి జారి పెడల్ కిందికి వెళ్తే బ్రేకు పడదు. షోరూమ్‌లో ఆగి ఉన్న కారులో కాలిపర్‌తో కూర్చుని, ఎడమ కాలు ఎక్కడ నిలుస్తుందో, బ్రేకు పూర్తిగా తొక్కినప్పుడు తగులుతుందా లేదా చూసుకోండి.

లావణ్య, లెస్టర్
ఇక్కడ బ్రిటన్‌లో ఈ గొడవ లేదు. ఆటోమేటిక్‌కే పరిమితమైతే లైసెన్స్ మీద 78 అని ఒక కోడ్ పడుతుంది. బ్రేకు మార్పులకు 20, యాక్సిలరేటర్‌కు 25, స్టీరింగ్‌కు 40, ఇలా దేనికది. మనిషికి ఏ వైకల్యం ఉందని రాయరు, కారులో ఏముండాలో రాస్తారు. మన దగ్గర ఎందుకు పెట్టరో అర్థం కాదు.

రఘు, విజయవాడ
నా అభ్యంతరం సరిగ్గా అక్కడే. మన ఎల్‌ఎంవీ లైసెన్స్‌లో ఆటోమేటిక్ మాత్రమే అనే వర్గం లేదు. మామూలు ఎల్‌ఎంవీ ఇస్తే రేపు ఆవిడ అన్నయ్య గారి మాన్యువల్ కారు కూడా చట్టప్రకారం నడపొచ్చు. ఎడమ కాలుతో క్లచ్ తొక్కలేని మనిషికి ఆ అనుమతి ఎలా ఇస్తారు? అధికారి భయం కూడా అదే. అడాప్టెడ్ అని రాస్తే కనీసం ఒక హద్దు ఉంటుంది. నిర్మల గారి మీద కోపం కాదు, ఆ సంతకం పెట్టే మనిషి వైపు నుంచి చెప్తున్నాను.

వేణుగోపాలరావు, రిటైర్డ్ ఎంవీఐ
రఘు గారూ, మీ ప్రశ్నలో బలం ఉంది. నేనూ ఆ సీట్లో కూర్చున్నవాణ్ణే. కానీ రెండు కాళ్లూ బాగుండి, ఆటోమేటిక్‌లో టెస్టు పాసైన వాళ్లకు కూడా మనం ఎల్‌ఎంవీయే ఇస్తున్నాం, వాళ్లలో క్లచ్ ఎప్పుడూ తొక్కని వాళ్లున్నారు. వాళ్ల దగ్గర రాని అభ్యంతరం కాలిపర్ చూడగానే రావడం న్యాయం కాదు. లావణ్య గారు చెప్పిన కోడ్ లాంటిది లేకపోవడం చట్టంలోని ఖాళీ. ఆ ఖాళీని దరఖాస్తుదారు మీద రుద్దకూడదు.

అమ్మా, కౌంటర్‌లో నోటిమాటగా కాదంటే తిరిగి వచ్చేయకండి. సెక్షన్ 17 ప్రకారం నిరాకరణ కారణాలతో సహా రాతపూర్వకంగా ఇవ్వాలి. అది అందిన 30 రోజుల్లోపు అప్పీలు చేసుకోవచ్చు.

మురళీకృష్ణ
మరి రాయితీలు, సార్? ఆర్సీలో దివ్యాంగజన్ అని రాయిస్తే అడాప్టెడ్ అయినట్టే కదా?

వేణుగోపాలరావు, రిటైర్డ్ ఎంవీఐ
కాదు. 2020లో ఫారం 20లో చేర్చిన దివ్యాంగజన్ అనేది యజమాని ఎవరో చెప్పే గడి. అడాప్టెడ్ అనేది బండి ఎలాంటిదో చెప్పేది. అది కావాలంటే మార్పు చేయించి సెక్షన్ 52 కింద రిజిస్టరింగ్ అధికారి ఆమోదం తీసుకుని ఆర్సీలో ఎక్కించాలి. టోల్ మినహాయింపు ప్రత్యేకంగా రూపొందించిన బండికే, కాబట్టి మార్పు లేని కారుకు టోల్ గేటు దగ్గర అడగలేరు.

రఘు, విజయవాడ
చట్టం మీరన్నట్టే ఉందని ఒప్పుకుంటాను. అయినా ఒక్క అడ్డుగీత కూడా లేని ఎల్‌ఎంవీ ఇవ్వడానికి నాకు మనసొప్పదు. కోడ్ వచ్చేదాకా కనీసం డాక్టరు కాగితంలో "ఆటోమేటిక్‌కు మాత్రమే" అని ఉండాలి.

నిర్మల, తెనాలి
అలా రాయించుకోవడానికి నాకేం ఇబ్బంది లేదు, రఘు గారూ. మాన్యువల్ నడపాలన్న ఆలోచనే లేదు. కాలి సంగతి ఫారంలో రాసే ఇస్తున్నాను. సోమవారం ఆర్థోపెడిక్ డాక్టరు దగ్గరికి వెళ్తున్నా. వేణుగోపాలరావు గారూ, ఆ కాగితం ఆయన లెటర్‌హెడ్ మీద చాలా, ప్రభుత్వ ఆసుపత్రి సీలే ఉండాలా?