మార్చి 28న ఇచ్చిన అడ్వాన్సు ఖర్చు కిందకి వస్తుందా?

ఆడిట్ అసిస్టెంట్: ఒక కంపెనీ సీఎస్‌ఆర్ కింద పల్లె బడుల్లో మరుగుదొడ్లు కట్టించమని ఒక స్వచ్ఛంద సంస్థకి 10,00,000 ఇచ్చింది. కంపెనీ తరఫున లెక్క చూడటానికి వెళ్లాను. ఇచ్చిన డబ్బు ఎలా వాడారో చెప్పే సర్టిఫికెట్ యూసీలో 9,70,000 ఖర్చు, 30,000 మిగులు అని రాశారు. లెడ్జర్ తీస్తే అందులో 1,80,000 మార్చి 28న కాంట్రాక్టరుకి ఇచ్చిన అడ్వాన్సు. ఆ పని మేలో అయింది. డబ్బు బ్యాంకు నుంచి పోయింది కాబట్టి ఖర్చే అనుకోవాలా? ఇంకా ఏ కాగితాలు అడగాలి?

ట్యాక్స్ ప్రాక్టీషనర్: యూసీ మీద సిఎ సంతకం, యూడీఐఎన్ ఉన్నాయా? ఆ నంబరు ఐసీఏఐ సైట్‌లో కొట్టి చూడండి, సరిపోతే అక్కడితో వదిలేయండి. ఖాతాలోంచి వెళ్లిన డబ్బు ఖర్చు కాక ఇంకేమవుతుంది?

రిటైర్డ్ ఆడిటర్: యూడీఐఎన్ చూడమనడం మంచి మాటే. కానీ ఆ సర్టిఫికెట్ నిజంగా ఆ సిఎ ఇచ్చిందేనని మాత్రమే అది చెబుతుంది, మరుగుదొడ్డి కట్టారని చెప్పదు. పైగా సంస్థకి డబ్బు పంపినంత మాత్రాన సీఎస్‌ఆర్ ఖర్చు అయినట్టు కాదని, సంస్థ దాన్ని వాడాలని కంపెనీ వ్యవహారాల మంత్రిత్వ శాఖ 2021లోనే వివరణ ఇచ్చింది. వాడారని కంపెనీ సీఎఫ్‌ఓ సంతకం పెట్టాలి. మీ రిపోర్టు అడిగేది అందుకే. మార్చి 31 నాటికి ఒక్క ఇటుక కూడా పడని 1,80,000ని వాడారని ఆయన చేత ఎలా రాయిస్తారు? ఖర్చు 7,90,000, తేలని అడ్వాన్సు 1,80,000 అని రెండు వరుసల్లో చూపించండి.

ముందు బ్యాంకు స్టేట్‌మెంట్ తీసుకోండి. మిగులు అక్కడ సరిగ్గా 30,000 ఉంటే నాకు అనుమానమే. గ్రాంటు నెలల తరబడి ఖాతాలో ఉంటే ఎంతో కొంత వడ్డీ పడి ఉండాలి కదా.

ఆడిట్ అసిస్టెంట్: ఇప్పుడే చూశాను సార్, 34,200 ఉంది. వడ్డీ 4,200 యూసీలో లేదు.

రిటైర్డ్ ఆడిటర్: అయితే డబ్బు ఎటూ పోలేదు, చూపించడంలోనే లోపం. వడ్డీని గ్రాంటులో కలిపి చూపమనండి. ఇక పెద్ద వోచర్లు తీయండి. ఒక్కోదానికీ కొటేషన్, వర్క్ ఆర్డర్, బిల్లు, డెలివరీ చలాన్, స్టాక్ రిజిస్టరులో ఎంట్రీ, చెల్లింపు ఒకే కథ చెప్పాలి. సిమెంటు బిల్లు మార్చి 12ది, స్లాబు వేసిన ఫోటో మార్చి 5ది అయితే ఆ స్లాబు వేరే సిమెంటుతో వేసి ఉండాలి, లేదా బిల్లు తర్వాత తెచ్చి పెట్టి ఉండాలి. అప్పు మీద ముందే సరుకు తెచ్చి ఉంటే చలాన్ తేదీ చెబుతుంది. మస్టర్ రోల్‌లో సంక్రాంతి రోజు కూడా అందరికీ హాజరు పడి ఉంటే మేస్త్రీని పిలిచి అడగండి. ఒరిజినల్ బిల్లు మీద ఏ ప్రాజెక్టు నిధి నుంచి కట్టారో స్టాంపు ఉందా చూడండి. అది లేకపోతే అదే బిల్లు ఇంకో దాతకీ చూపించే వీలుంటుంది.

సంస్థ అకౌంటెంట్: మా వైపు కష్టం ఎవరూ చూడరు. డబ్బు మాకు ఫిబ్రవరిలో వస్తుంది, బడికి సెలవులు మేలో. అడ్వాన్సు లేనిదే ఏ కాంట్రాక్టరూ రాడు. 30 శాతం అడ్వాన్సు ఇవ్వొచ్చని కంపెనీ ఒప్పందంలోనే ఉంటుంది. మీరు వాడలేదని రాస్తే రెండో విడత ఆపేస్తారు, అప్పుడు కూలీలకి ఎవరిస్తారు?

రిటైర్డ్ ఆడిటర్: మీ బాధ నిజం. అడ్వాన్సు ఇవ్వడం తప్పని నేను అనను. ఒప్పందంలో ఆ షరతు, మీ వర్క్ ఆర్డర్, తర్వాత వచ్చిన తుది బిల్లు, బడి హెడ్మాస్టరు పని పూర్తయిందని ఇచ్చిన కాగితం జతచేస్తే అడ్వాన్సు సక్రమమేనని నేనే రాస్తాను. అయినా మే బిల్లుతో మార్చి ఖర్చు పుట్టదు. రెండో విడతకి అడ్వాన్సులని కూడా లెక్కించాలని ఒప్పందం రాసేటప్పుడే కంపెనీని అడగండి.

ట్రస్టు కార్యదర్శి: మాకు విదేశీ నిధులు వస్తాయి. పరిపాలనా ఖర్చు 20 శాతం దాటకూడదంటారు కదా, ఈ అడ్వాన్సు అందులోకి వస్తుందా? మా అకౌంటెంటు జీతం మూడు ప్రాజెక్టులకి పంచుతున్నాం, అది కూడా చెప్పండి.

రిటైర్డ్ ఆడిటర్: ఆ 20 శాతం ఎఫ్‌సీఆర్‌ఏ నిధులకే అమ్మా. ఇక్కడిది దేశీయ సీఎస్‌ఆర్ డబ్బు. జీతం మాత్రం టైమ్ షీటు చూసి పంచమంటాను నేను.

సంస్థ అకౌంటెంట్: టైమ్ షీట్లు నెలాఖరున కూర్చుని నింపేవే సార్. నిధుల నిష్పత్తిలో పంచితే కనీసం లెక్క తిరగేసి చూడొచ్చు. మా ఇద్దరు దాతలు అదే ఒప్పుకున్నారు, మూడో వాళ్లు ఒప్పుకోలేదు.

ఆడిట్ అసిస్టెంట్: మే తుది బిల్లు దొరికింది. 1,64,000 మాత్రమే. మిగతా 16,000 ఇంకా కాంట్రాక్టరు దగ్గరే ఉంది.

ట్యాక్స్ ప్రాక్టీషనర్: అలాగైతే 1,80,000 ఖర్చన్న నా మాట నిలబడదు. ఆ 16,000 దాతకి వెనక్కి వెళ్లాలా, అదే బడిలో ఇంకో పనికి వాడొచ్చా?

రిటైర్డ్ ఆడిటర్: ముందు కాంట్రాక్టరు నుంచి సంస్థ ఖాతాలోకి రావాలి. తర్వాత సంగతి ఒప్పందంలో మిగులు నిధుల గురించి ఏం రాసుకున్నారో చూస్తేగానీ చెప్పలేను. ఆ పేజీ తీసి చూడండి.