బర్మా బజార్లో శీను ఏ క్యాసెట్ కొనాలి?

కథ రాసినవాడు
ఒక చిన్న కథ రాశాను. 1998, చెన్నై. కొండితోపులో ఉండే పన్నెండేళ్ళ శీను వారానికి 5 రూపాయల చొప్పున ఆరు నెలలు దాస్తే 130 అయింది. బర్మా బజార్‌కి నడిచి వెళ్తాడు. కొట్లో వీడియో గేమ్ క్యాసెట్లు రెండు. ఒకటి '9999999 ఇన్ 1', రెండోది కాంట్రా అనే ఒక్క గేముదే. ఏదైనా 120. శీను కాంట్రా తీసుకుంటాడు. ఆ రాత్రి మూడో స్టేజీ దాకా ఆడి కట్టేసి పడుకుంటాడు, తెల్లారి అక్కడి నుంచే మొదలుపెడతాడు. అక్కడితో కథ అయిపోతుంది. చదివిన స్నేహితులు మాత్రం "అంత కష్టపడి దాచిన పిల్లాడు లక్షల గేములు వదిలేసి ఒక్కటి కొంటాడా, నమ్మశక్యంగా లేదు" అంటున్నారు. మీరేమంటారు?

టీనగర్ బాబాయ్
మీ స్నేహితులే కరెక్ట్. నేను ఆ వయసులో అదే బజార్లో నిలబడ్డాను. కొట్టాయన "ఇదుల ఎల్లామే ఇరుక్కు తంబి" అన్నాడు, అన్నీ ఇందులోనే ఉన్నాయిరా అని. ఇంక కాంట్రా వైపు కన్నెత్తి కూడా చూడలేదు. డబ్బు తక్కువగా ఉన్నవాడే ఎక్కువ వచ్చేది చూసుకుంటాడు. రుచి చూసి ఏరుకునేది జేబు నిండా ఉన్నవాడు.

రైలుబండి
ఆ లక్షల గేములన్నీ శుద్ధ మోసం బాబాయ్. లోపల ఉండేది ఒక్క మారియోనే, పేర్లు మార్చి మార్చి చూపిస్తాడు. అది తెలిసే శీను కాంట్రా కొన్నాడని ఒక లైను రాస్తే చాలు, కథ నిలబడుతుంది.

సోల్డరింగ్ రావు
రిచీ స్ట్రీట్‌లో తొమ్మిదేళ్ళు ఈ వీడియో గేమ్ సెట్లే బాగుచేశాను కాబట్టి చెబుతున్నా. రైలుబండి చెప్పింది సగం నిజం. ఒక్క గేమే ఉండదు, నాలుగో ఎనిమిదో ఉంటాయి. లిస్టులో మొదటి కొన్ని పేర్లు నిజంగానే వేర్వేరు గేములు. ఆ తర్వాత అవే మళ్ళీ వస్తాయి, కాకపోతే మారియో ఐదో స్టేజీ నుంచి మొదలవుతుంది, ట్యాంకుల గేము పదో స్టేజీ నుంచి మొదలవుతుంది. కొట్లో టీవీకి పెట్టించి మొదటి గేము చూడాలి. తర్వాత కిందికి దిగి ఇరవయ్యో నంబరు, ముప్పయ్యో నంబరు నొక్కాలి. అదే టైటిల్ బొమ్మ మళ్ళీ వచ్చిందా, గుట్టు తెలిసిపోతుంది. క్యాసెట్ మీది స్టిక్కర్ని మాత్రం నమ్మకూడదు. లోపల లేని గేముల బొమ్మలు కూడా దాని మీద అంటిస్తారు.

ఇలా ఎందుకంటే, చిప్పులో చోటు. మారియో మొత్తం 40 కిలోబైట్లు. ట్యాంకుల గేము, అదే బ్యాటిల్ సిటీ, 24. కాంట్రా అమెరికా వెర్షన్ అయితే 128. ఒక్క కాంట్రా పట్టే చోటులో మూడు మారియోలు కూర్చుంటాయి. అందుకే చవక చిప్పుతో చేసే లక్షల క్యాసెట్లలో చిన్న గేములే ఎక్కువ. కాంట్రా కావాలంటే విడిగానో, 'నాలుగు ఇన్ 1' లాంటి దాంట్లోనో తీసుకోవాలి.

ఇంకొక మాట, ఇది ముఖ్యం. మీ కథ ముగింపు జరగదు. కాంట్రాలో సేవ్ లేదు, పాస్‌వర్డ్ కూడా లేదు. సెట్టు కట్టేస్తే మళ్ళీ మొదటి స్టేజీయే.

కథ రాసినవాడు
అయ్యో! అసలు ఆ ముగింపు కోసమే కథంతా రాశాను రావు గారూ.

మాధవి, పెరంబూర్
అందరికీ నమస్కారమండీ. మా వాడికి పదకొండేళ్ళు, నెలకి 300 ఇస్తాం. వాడు కూడా ఒక్క గేమే కొంటానని మంకుపట్టు పడుతున్నాడు. ఫోన్లో ఉచితంగా బోలెడు ఉన్నాయిగా, కొనివ్వడం తప్పు కాదా?

రైలుబండి
అక్కా, ఇక్కడ మాట్లాడేది కథలో పిల్లాడి గురించి.

మాధవి, పెరంబూర్
అలాగా, సరే. కానీ ఆ కథలో వాళ్ళమ్మ ఎక్కడ? ఆరు నెలలు పిల్లాడు డబ్బులు దాస్తుంటే ఇంట్లో ఒక్కరికీ తెలియలేదా? నాకైతే ముందు అది నమ్మబుద్ధి కావడం లేదు.

టీనగర్ బాబాయ్
రావు గారు చెప్పినవన్నీ ఒప్పుకుంటా. అయినా నా మాట మీదే ఉన్నా. మారియోలో రెండో స్టేజీ దాటడం నా వల్ల కాలేదు. లిస్టులో కిందికి పోతే ఐదో స్టేజీ దానంతట అదే తెరుచుకునేది. పెద్దయ్యాక దాన్ని మోసం అంటున్నాం గానీ, అప్పుడు నాకు అది వేరే గేమే. ఇక ట్యాంకుల గేములో మన మ్యాపు మనమే ఇటుకలు పేర్చి కట్టుకోవచ్చు. నేనూ మా తమ్ముడూ వేసవి సెలవులన్నీ దాంతోనే గడిపాం.

సోల్డరింగ్ రావు
అది నిజమే బాబాయ్, కాదనను. కాంట్రాలో ఎనిమిది స్టేజీలే. చేయి తిరిగినవాడు గంట లోపే ముగిస్తాడు. "పైకి పైకి, కింద కింద, ఎడమ కుడి ఎడమ కుడి, B, A" నొక్కి స్టార్ట్ కొడితే ముప్పై ప్రాణాలు. అది తెలిసిన పిల్లాడికి వారం కూడా పట్టదు. ఆ తర్వాత ఏం చేస్తాడు?

రాయపురం రాజా
మీరంతా అసలు సంగతి వదిలేశారు. మా వీధిలో ఎవరింట్లో చూసినా సెట్టుతో పాటు డబ్బాలో ఒక లక్షల క్యాసెట్ వచ్చేది. దాన్ని ఎవరికి అరువిస్తానన్నా తీసుకునేవాళ్ళు కాదు. కాంట్రా ఉన్నవాడికి మాత్రం మర్యాద వేరు. మా ఎదురింటివాడు ఒక్క కాంట్రా నాకిచ్చి నా కార్ల గేము రెండు వారాలు తన దగ్గర ఉంచుకున్నాడు, ఆ తర్వాత అదే కాంట్రా ఇంకొకడికిచ్చి కుంగ్‌ఫూ తెచ్చుకున్నాడు. చేతిలో డబ్బు లేనివాడు కొనాల్సింది పక్కవాడికి కావాల్సిన క్యాసెట్. శీను కొన్నది ఒక్క గేమ్ కాదు, నా లెక్కలో వీధిలో ఉన్న గేములన్నీ.

టీనగర్ బాబాయ్
నీ వీధిలో ఇంటింటికీ సెట్టు ఉంది కాబట్టి, రాజా! మా వీధికంతా ఉన్నది మా సెట్టు ఒక్కటే. నేను ఎవడితో మార్చుకోను?

సోల్డరింగ్ రావు
రచయిత గారూ, అయితే మిమ్మల్ని ఒకటి అడగాలి. శీను సెట్టుతో పాటు ఏ క్యాసెట్ వచ్చింది? లక్షలది వచ్చి ఉంటే వాడు మళ్ళీ అదే కొనడు, అప్పుడు మీ కథలో తేల్చుకోవాల్సిందేమీ లేదు. రాకపోతే ఇంతకుముందు ఆ సెట్టుతో ఏం ఆడాడు?

కథ రాసినవాడు
సెట్టు మామయ్య ఇచ్చిన పాతది, క్యాసెట్ లేకుండా. ఆ మాట కథలో రాయలేదు, రాయాలి. వీధిలో ఇంకో సెట్టు పక్కింటి సెల్వంది. అంటే మార్చుకోవడానికి ఒక్కడే ఉన్నాడన్నమాట. రాజా గారి లెక్క సగమే పనిచేస్తుంది.

ముగింపు ఇలా మారుస్తున్నా. మూడో స్టేజీలో స్టార్ట్ నొక్కి బొమ్మ ఆపుతాడు. టీవీ కట్టేస్తాడు గానీ సెట్టు ఆన్‌లోనే ఉంచి, దాని మీద తువ్వాలు కప్పి పడుకుంటాడు. కుదురుతుందా?

సోల్డరింగ్ రావు
కరెంటు పోకపోతే కుదురుతుంది. తెల్లారేసరికి అడాప్టర్ చేయి పెట్టలేనంతగా కాలిపోతూ ఉంటుంది. తువ్వాలు మాత్రం వద్దు. అలా కప్పి కరిగిపోయిన సెట్లు నా బల్ల మీదికి వచ్చేవి.

మాధవి, పెరంబూర్
రాత్రి ఎర్ర లైటు కనిపిస్తే ఏ అమ్మయినా ముందు ప్లగ్గు పీకేస్తుందండీ. నేనైతే పీకేస్తాను.

కథ రాసినవాడు
మాధవి గారూ, ఆగండి. అది రాసుకోనివ్వండి.

టీనగర్ బాబాయ్
ప్లగ్గు పీకినా, పీకకపోయినా వాడు లక్షలదే కొనాల్సింది.