రోజూ గ్రాండ్ టెస్ట్ రాయాలా, తగ్గించి తప్పులు చూసుకోవాలా?

గాజువాక ఎంపీసీ: ఎంసెట్‌కి ఇంకా నెల ఉంది. మా కాలేజీలో రోజూ పొద్దున 160 ప్రశ్నల గ్రాండ్ టెస్ట్ పెడుతున్నారు. సాయంత్రానికి కీ ఇచ్చి, మార్కుల లిస్టు గోడకి అంటిస్తారు. ఈమధ్య నాకు 88, 95, 91, 92 ఇలా అక్కడక్కడే తిరుగుతున్నాయి. నిన్నటి 92లో మ్యాథ్స్ 41, ఫిజిక్స్ 22, కెమిస్ట్రీ 29. టెస్టులు తగ్గించి తప్పులు చూసుకుంటానంటే నాన్న "టెస్టులు మానేస్తే స్పీడ్ పోద్ది" అంటున్నారు. ఎవరి మాట వినాలి?

సీతమ్మధార సీనియర్: నాన్నగారి మాటే విను తమ్ముడూ. 180 నిమిషాల్లో 160 ప్రశ్నలంటే ఒక్కోదానికి నిమిషం మీద ఏడు సెకన్లు. ఆ ఊపు రోజూ రాస్తేనే వస్తుంది. మా బ్యాచ్‌లో పరీక్ష ముందు రోజు దాకా రాసినవాళ్లే బాగా కొట్టారు. ఇంకోటి, నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి చివరి పది నిమిషాల్లో మిగిలినవన్నీ కళ్లు మూసుకుని మూడో ఆప్షన్ పెట్టేయ్. ఖాళీ మాత్రం వదలకు.

కూర్మన్నపాలెం నాన్న: ఏటి బాబూ, పిల్లాడికి కళ్లు మూసుకుని పెట్టమని చెప్తున్నావు? మా పాపకి అలా గుడ్డిగా పెట్టినవే కొంప ముంచాయి. ఒక్కో తప్పుకి ఒక మార్కు కోసేశారు. తెలియనిది వదిలేయడమే మంచిది.

సీతమ్మధార సీనియర్: అంకుల్, మీ పాప రాసింది నీట్ అనుకుంటా. అందులో రైటుకి నాలుగు, తప్పుకి మైనస్ ఒకటి. జేఈఈ మెయిన్ కూడా అంతే. ఎంసెట్‌లో కోత లేదు.

కూర్మన్నపాలెం నాన్న: అవును, నీటే. అయితే నా మాట పక్కన పెట్టండి.

మద్దిలపాలెం లెక్కల మాస్టారు: ఖాళీ వదలొద్దన్నది నిజమే. మూడో ఆప్షన్ పెట్టినా, ఒకటోది పెట్టినా సగటున నాలుగింటికి ఒకటి తగులుతుంది. మూడుకి ప్రత్యేకమైన మహత్యం ఏమీ లేదు. అసలు పరీక్షలో అలాగే చెయ్యాలి. అయితే ప్రాక్టీసులో మాత్రం ఆ గుడ్డి మార్కులు మొత్తంలో కలిసిపోయి నీ అసలు స్థాయిని దాచేస్తాయి నాన్నా. కాబట్టి టెస్టులు ఎన్ని అన్న సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ 92ని విప్పి చూడు.

నిన్నటి రఫ్ పేపర్ ముందు పెట్టుకుని మూడు కుప్పలు చెయ్యి. ఖచ్చితంగా తెలిసి పెట్టినవి ఒకటి, చదివినా రాక గుడ్డిగా పెట్టినవి ఒకటి, టైం చాలక అసలు చదవకుండానే పెట్టినవి ఒకటి. ఏది ఎందులోదో గుర్తు రాకపోతే రేపటి టెస్టులో ప్రశ్న నంబర్ పక్కన చిన్న గుర్తు పెట్టుకుంటూ రాయి. ఒక్కోదానికి సెకను కూడా పట్టదు. కుప్పలు తేలాక ఇక్కడ రాయి, అప్పుడు మాట్లాడుకుందాం.

గాజువాక ఎంపీసీ: గుర్తున్నాయి మాస్టారూ. తెలిసి పెట్టినవి 84, అందులో 73 రైటు. చదివినా రానివి 46. చదవనివి 30, దాదాపు అన్నీ మ్యాథ్స్ చివరివే. ఈ 76 గుడ్డివాటిలో 19 తగిలాయి.

మద్దిలపాలెం లెక్కల మాస్టారు: చూశావా, నీ సొంత మార్కులు 73. మిగతా 19 లాటరీ. 76 ప్రశ్నలు గుడ్డిగా పెడితే ఒక రోజు 14 తగలొచ్చు, ఇంకో రోజు 24 తగలొచ్చు. అంటే నువ్వు కొత్తగా ఒక్క ముక్క నేర్చుకోకపోయినా గోడ మీద 87 నుంచి 97 దాకా ఏదైనా కనిపిస్తుంది. 88, 95, 91, 92 అంటూ నువ్వు టెన్షన్ పడుతున్నది ఆ ఊగిసలాటకే. ఇక నుంచి గోడ మీది అంకె చూడకు. తెలిసి పెట్టి రైటైనవి ఎన్నో అదొక్కటే తేదీతో రాసుకో.

తప్పులు చూసే వరుస కూడా ముఖ్యం. ముందు ఆ 11 తీసుకో, ఖచ్చితంగా తెలుసనుకుని తప్పు పెట్టినవి. నీకు తప్పని తెలియకుండా పోతున్న మార్కులవి, పరీక్షలోనూ అలాగే పోతాయి. తర్వాత ఆ చదవని 30 తీసుకుని, కీ చూడకుండా, గడియారం లేకుండా చెయ్యి. ఎన్ని వస్తాయో చెప్పు. ఆ 46 చివర్లో. వాటిలోనూ నువ్వు చదివిన చాప్టర్లవే చూడు. అసలు ముట్టని చాప్టర్ని ఈ నెలలో టెస్ట్ పేపర్ ద్వారా నేర్చుకోలేవు.

పెందుర్తి అక్క: మాస్టారు చెప్పింది బాగుంది గానీ ఒక హెచ్చరిక. మా తమ్ముడు ఇలాగే తప్పుల నోట్‌బుక్ మొదలెట్టాడు. ఎర్ర పెన్ను, పచ్చ పెన్ను, ప్రతి ప్రశ్నా పూర్తిగా దింపడం, కింద సొల్యూషన్ ముత్యాల్లాంటి అక్షరాలతో. ఒక పేపర్‌కి రెండు రోజులు పట్టేది. పరీక్ష లోపు ఆ పుస్తకం తిరిగి తెరిచింది లేదు. రివ్యూ పేరుతో కాపీ రాసుకోవడం కంటే రోజూ టెస్ట్ రాయడమే నయం.

సీతమ్మధార సీనియర్: అదే కదా అక్కా నేను మొదట్నుంచీ చెప్తున్నది!

మద్దిలపాలెం లెక్కల మాస్టారు: పెందుర్తి అమ్మాయి చెప్పింది నిజం. ప్రశ్న దింపనక్కర్లేదు, పేపర్ తేదీ, ప్రశ్న నంబర్ చాలు. పక్కన ఒకే ఒక్క వాక్యం, నీ చెయ్యి ఏం తప్పు చేసిందో. 'సిల్లీ మిస్టేక్' అని మాత్రం రాయకు, దాన్ని బట్టి రేపు ఏం మార్చాలో నీకు తెలియదు. కీ చూసి "ఓ, ఇదా" అనుకున్నా రివ్యూ అయిపోయినట్టు కాదు. మర్నాడు పొద్దున తెల్ల కాగితం మీద మళ్లీ చెయ్యి. వస్తేనే కొట్టెయ్. మూడు నాలుగు రోజులాగి ఇంకోసారి.

గాజువాక ఎంపీసీ: చేశాను మాస్టారూ. చదవని 30లో టైం పెట్టుకోకుండా చేస్తే 14 వచ్చాయి, అవన్నీ నాకు తెలిసినవే! తెలిసీ తప్పు పెట్టిన 11లో ఒకటి చెప్తాను. x² + y² − 4x + 6y − 12 = 0 వృత్తానికి వ్యాసార్ధం. √(4 + 9 − 12) అని వేసి 1 పెట్టాను. అది ఆప్షన్లలో ఉంది కూడా, అందుకే అనుమానం రాలేదు. సమాధానం 5. సర్కిల్స్ మొత్తం మళ్లీ చదవాలా?

మద్దిలపాలెం లెక్కల మాస్టారు: వద్దు. సూత్రం √(g² + f² − c). అది నీకు వచ్చు. c విలువే −12, కాబట్టి −(−12), అంటే +12. నీ తడబాటు అక్కడ. ఇప్పుడు పాత మూడు పేపర్లు తీసి, c మైనస్‌లో ఉన్న లెక్కలన్నీ వెతుకు. క్వాడ్రాటిక్స్‌లో b² − 4ac చూడు. సర్కిల్స్ దాటి కూడా ఇదే తప్పు కనిపిస్తుందని నా అనుమానం.

గాజువాక ఎంపీసీ: కనిపించింది మాస్టారూ! x² − 3x − 5 = 0కి 9 − 20 వేసి, మూలాలు వాస్తవాలు కావు అని పెట్టేశాను. 9 + 20 రావాలి. ఇంకో పేపర్లో సర్కిల్స్‌లోనే మళ్లీ ఇదే. మార్కుల లిస్టులో ఇవి రెండు వేరే చాప్టర్ల కింద పడ్డాయి.

మద్దిలపాలెం లెక్కల మాస్టారు: చాప్టర్ల వారీగా చూస్తే ఇది దొరకదు. ఒక పేపర్లో ఒక చాప్టర్ నుంచి ఒకటో రెండో ప్రశ్నలొస్తాయి. రెండూ తప్పయితే 'సర్కిల్స్ వీక్' అంటారు. రెండు ప్రశ్నలతో ఏమీ తేలదు, కనీసం మూడు నాలుగు పేపర్లు కలిపి చూడాలి. నీకు కావలసింది సర్కిల్స్ కాదు, విలువ వేసేటప్పుడు బ్రాకెట్ పెట్టే అలవాటు. సూత్రం ముందు రాసి, c స్థానంలో (−12) అని బ్రాకెట్‌తో వేసి, తర్వాత విప్పు. పాత పేపర్లలో ఇలాంటివి ఓ పది ఏరి ఈ పద్ధతిలో చెయ్యి.

ఇక ఆ 14. అవి టైం దొరక్క పోయాయి. టైం ఎక్కడ పోయింది?

గాజువాక ఎంపీసీ: మ్యాథ్స్ మొదట మొదలెట్టాను. ఇంటిగ్రేషన్‌లో, 3డీలో ఓ ఆరు ప్రశ్నలు పట్టుకుని వదల్లేకపోయాను. ఒక్కోటి నాలుగైదు నిమిషాలు. అందులో రెండే వచ్చాయి.

మద్దిలపాలెం లెక్కల మాస్టారు: ఆ ఆరింటికే దాదాపు అరగంట. ఎంసెట్‌లో ఏ సబ్జెక్ట్‌తోనైనా మొదలెట్టవచ్చు. కెమిస్ట్రీ నీ బలం కాబట్టి అది ముందు, ఓ అరగంటలో. తర్వాత ఫిజిక్స్‌కి నలభై నిమిషాలు. మిగతాది మ్యాథ్స్‌కి. అందులో ఏ ప్రశ్నయినా రెండు నిమిషాల్లో దారి తెలియకపోతే ఏదో ఒక ఆప్షన్ పెట్టి, రివ్యూ గుర్తు పెట్టి ముందుకు పో. ఇది పట్టుబడాలంటే పూర్తి పేపరే రాయాలి. ఆ విషయంలో సీతమ్మధార బాబు మాట కరెక్ట్. అయితే ఈ రకంగా పేపర్ విప్పడానికి నాలుగు గంటలు పడుతుంది, మర్నాడు మళ్లీ చేయడం వేరే. రోజూ రాస్తే అది కుదరదు. మూడు రోజులకొక పూర్తి పేపర్. మధ్య రోజుల్లో 90 నిమిషాల్లో మ్యాథ్స్ 80 మాత్రమే రాసినా స్పీడ్ ఎక్కడికీ పోదు.

కూర్మన్నపాలెం నాన్న: మాస్టారూ, కాలేజీ వాళ్లు ఊరుకుంటారా? రాయకపోతే ఇంటికి ఫోన్ చేస్తారు. గోడ మీద మార్కులు తగ్గితే ఆ తండ్రికీ నిద్ర పట్టదు, నాకు తెలుసు.

పెందుర్తి అక్క: కాలేజీలో కూర్చునే రాయొచ్చు కదా అంకుల్. పూర్తి టెస్ట్ కాని రోజు మ్యాథ్స్ మాత్రమే సీరియస్‌గా రాసి, మిగతాది గుడ్డిగా పెట్టి, ఆ టైంలో నిన్నటి తప్పులు మళ్లీ చేసుకోవడం. నాన్నకి మాత్రం ముందే చెప్పాలి, లేకపోతే లిస్టు చూసి గాభరా పడతారు. అన్నట్టు అసలు పరీక్ష కంప్యూటర్ మీద. కాగితం మీద ఎన్ని రాసినా, cets.apsche.ap.gov.in లో పెట్టే మాక్ టెస్ట్ ఒకటి రెండుసార్లు చేసి ఆ స్క్రీన్ అలవాటు చేసుకో.

సీతమ్మధార సీనియర్: ఆ 73 లెక్క చూశాక రోజూ రాయాలన్న పట్టు నాకూ సడలింది. కానీ చివరి వారం మాత్రం నేను ఒప్పుకోను. రోజుకొకటి రాయాల్సిందే, అదీ హాల్ టికెట్‌లో ఇచ్చిన టైముకే. మధ్యాహ్నం సెషన్ పడితే మే నెల ఉక్కలో భోజనం చేసి కూర్చుంటే కళ్లు మూతలు పడతాయి. అది అలవాటు లేనివాడికి అక్కడే దెబ్బ.

మద్దిలపాలెం లెక్కల మాస్టారు: టైం సంగతి నిజం, నెల మొత్తం ఆ సెషన్‌కే రాస్తే మరీ మంచిది. రోజుకొకటి అంటే మాత్రం నేను ఒప్పుకోను. నా లెక్కలో చివరి పూర్తి పేపర్ పరీక్షకి మూడు రోజుల ముందు. ఆ తర్వాత ఆ ఒక్క వాక్యాల పుస్తకమే.

సీతమ్మధార సీనియర్: మూడు రోజులు గ్యాప్ ఇస్తే నాకైతే చెయ్యి ఆడదు మాస్టారూ.

గాజువాక ఎంపీసీ: నాన్నకి 73, 19 లెక్క చూపించాను. "అయితే గోడ మీద తగ్గినా పర్లేదా?" అని రెండుసార్లు అడిగారు. మూడు రోజులకొకటికి ఒప్పుకున్నారు, చివరి వారం సంగతి అప్పుడు చూద్దామన్నారు. రేపటి పేపర్ కెమిస్ట్రీతో మొదలెడుతున్నాను. చదవనివి ఎన్ని మిగిలాయో వచ్చి రాస్తాను.