ఫొటోలో స్కేలుతో కొలిచిన పొడవు 4.74 అని రాయాలా, 4.7 అనా?

తొమ్మిదో తరగతి పిల్లలకి సిగ్నిఫికెంట్ ఫిగర్స్ చెప్తున్నానండి, ఒక డౌట్. సుద్దముక్క పక్కన స్కేలు పెట్టి పైనుంచి ఫోన్‌తో ఫొటో తీశాం, స్కేలు మీద 10 సెం.మీ.కి 1520 పిక్సెల్స్, సుద్దముక్కకి 720, కాలిక్యులేటర్‌లో 4.7368421 వస్తే పిల్లలు అదంతా నోట్‌బుక్‌లో ఎక్కించేశారు. జూమ్ చేసి చూస్తే సుద్ద అంచు ఒక్కో వైపు మూడు పిక్సెల్స్ మసగ్గా ఉంది, అంటే 0.02 సెం.మీ., అందుకని రెండో దశాంశం దగ్గర ఆపి 4.74 అని రాయించాను. కానీ సుద్ద గుండ్రంగా ఉంటుంది కదా, దాని అంచు స్కేలు కన్నా అర సెంటీమీటరు ఎత్తులో ఉంది, ఫోన్ 30 సెం.మీ. పైన, ఆ లెక్కన సుద్ద దాదాపు 0.08 సెం.మీ. పెద్దగా కనబడుతున్నట్టే కదా? మరి 4.7 అని రాయిస్తే సరిపోతుందా, లేక స్కేలుని ఆ ఎత్తుకి లేపి మళ్ళీ ఫొటో తీయించాలా?