హుక్‌వార్మ్ జీవిత చక్రం: లార్వా చర్మం నుంచి పేగుకి ఎలా చేరుతుంది?

సింధు: ఎల్లుండి పారాసైటాలజీ ఇంటర్నల్. పోయినసారి "లార్వా కాలి చర్మంలోంచి దూరి, పేగులో చేరి, పెద్ద పురుగవుతుంది" అని రాస్తే ఐదుకి రెండే వేశారు. ఏం వదిలేశానో చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

రమేశ్: ముఖ్యమైనదే వదిలేశావమ్మా. గుడ్లు మట్టిలో ఉంటాయి, చేతులు కడుక్కోకుండా తింటే కడుపులోకి పోతాయి. అక్కడి నుంచి మొదలుపెట్టు.

భారతి: రమేశ్ గారూ, అది ఏలికపాము కథ. హుక్‌వార్మ్ గుడ్డు మింగినా జబ్బు అంటుకోదు. సింధూ, నీ మార్కులు రెండు చోట్ల పోయాయి. మొదటిది మట్టి. మలంతో పడిన గుడ్డు తేమ, నీడ ఉన్న వెచ్చటి నేలలో ఒకటి రెండు రోజుల్లో పగిలి రాబ్డిటిఫారం లార్వా వస్తుంది. అది బాక్టీరియాని తింటూ పెరిగి రెండుసార్లు కుబుసం విడుస్తుంది. 5 నుంచి 10 రోజుల్లో ఫిలారిఫారం అవుతుంది. ఇది ఇక ఏమీ తినదు, చర్మం తగిలితే చాలు దూరుతుంది. సోకే దశ ఇదేనని కచ్చితంగా రాయి.

రెండోది ఊపిరితిత్తులు. చర్మం కింది సిరల్లో పడ్డ లార్వా రక్తంతో పాటు గుండె కుడి భాగానికి, అక్కడి నుంచి ఊపిరితిత్తులకి పోతుంది. ఆ సన్నటి రక్తనాళాలు దాటలేక వాటిని చీల్చుకుని గాలిగదుల్లో పడుతుంది. శ్వాసనాళం గుండా గొంతుదాకా పైకొచ్చాక మనమే దాన్ని మింగేస్తాం. చిన్నపేగులో ఇంకో రెండు కుబుసాలు విడిచి, జెజునం గోడని కరుచుకుని రక్తం తాగుతుంది. నువ్వు ఈ దారంతా ఎగరగొట్టావు!

లక్ష్మి: మా అమ్మ నాట్లకి వెళ్లొస్తే కాలివేళ్ల సందుల్లో ఒకటే దురద. ఇదేనా అండీ? మల పరీక్షలో ఏమీ లేదన్నారు.

భారతి: నీళ్లలో నానిన కాళ్లకి ఫంగస్ వల్లా దురద వస్తుందమ్మా, డాక్టరుకి చూపించండి. పరీక్ష ఎప్పుడు చేయించారు? లార్వా దూరాక గుడ్లు మలంలో కనబడటానికి ఐదు వారాలైనా పడుతుంది. దురద పుట్టిన వారంలోనే చూస్తే ఏమీ దొరకదు.

లక్ష్మి: నాలుగో రోజే చేయించాం.

సింధు: చర్మంలోంచి దూరుతుందని అసలు ఎలా తెలిసిందక్కా?

భారతి: 1898లో కైరోలో లూస్ అనే శాస్త్రవేత్త చేతిమీద లార్వాలున్న చుక్క పడింది. అక్కడ దురద పుట్టింది, కొన్ని వారాలకి ఆయన మలంలోనే గుడ్లు కనిపించాయి. మార్కులకి అక్కర్లేదులే.

రమేశ్: మరి నోటి ద్వారా రాదంటారా? ఎక్కడో చదివానే.

భారతి: గుడ్డుతో కాదు గానీ, ఆంకైలోస్టోమా డుయోడినేల్ అనే రకం హుక్‌వార్మ్ ఫిలారిఫారం లార్వా నోట్లో పడితే సోకుతుంది. ఇంకో రకమైన నెకేటర్ మాత్రం చర్మం దారినే వస్తుంది. ఒక్క వాక్యం రాయొచ్చు.

కిరణ్: మా కాలేజీలో అది రాస్తే ప్రశ్నకి సంబంధం లేదని కొట్టేశారు. నేనైతే రాయను.

భారతి: మా దగ్గర దానికే అర మార్కు వేసేవారు. పేపరు దిద్దేదెవరో కనుక్కో సింధూ.